మొద్దు సీసాలు

ఆర్మూరులో పుట్టినవాళ్లకు పసుపు రంగు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మా నాన్నకు మార్కెట్లో అడ్తి దుకాణం, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం ఉండేది. పంట కాలంలో రైతులు బండ్ల మీద పసుపు తెచ్చి కుప్పలు పోస్తే, కొనేవాడు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరిచి, లోపలి రంగు చూసి, ముఖంలో ఏమీ కనపడనీయకుండా ఇంకో కుప్ప దగ్గరికి నడిచేవాడు. రంగు బాగా పలికిన రోజున మా ఇంట్లో అందరి గొంతులూ మెత్తగా ఉండేవి. రంగు లేని సరుకు వచ్చిన రోజున నాన్న చెప్పులు విడిచే చప్పుడులోనే మాకు తెలిసిపోయేది. పసుపైతే మంచిది, కాకపోతే ఏదో తేడా ఉంది. చిన్నప్పుడు నాకు అర్థమైన లోకం అంతే.

ఈ బుద్ధి నన్ను హైదరాబాదు దాకా వెంబడించింది. వెంబడించి ఊరుకోలేదు, ఒక మనిషి ఏళ్ల కష్టాన్ని బుగ్గిపాలు చేయబోయింది.

అరవైల చివరి సంవత్సరాలు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ అయ్యాక ఒక పరిశోధనశాలలో చేరాను. జీవుల కణాలను ఒంటి బయట, గాజు సీసాల్లో పెంచే గది అది. అక్కడ నాకంటే ముందు చేరిన ఒక పరిశోధకురాలు ఉండేది. ఊరు పెర్కిట్, మాకు కూతవేటు దూరం. పరిచయమైన మొదటి రోజే "అక్కా" అన్నాను, ఆమె "చెల్లె" అంది. మా ఇద్దరికీ పెద్ద మా గైడు. ఆయన్ను సార్ అనేవాళ్లం. మంచివాడే, కానీ తన మాట తనకే బాగా నచ్చే మనిషి.

అక్క పని ఇది. ఎలుక పిండం నుంచి తీసిన కణాలను, అడుగు బల్లపరుపుగా ఉండే సీసాలో, ఎర్రటి పోషక ద్రవం పోసి వెచ్చని పెట్టెలో ఉంచేది. కణాలు అడుగుకు అతుక్కుని, ఒకటి రెండై, రెండు నాలుగై పరుచుకుంటాయి. మామూలు కణాలకు ఒక మర్యాద ఉంది. అడుగంతా నిండి, నాలుగు వైపులా పొరుగువాటిని తాకేసరికి విభజన మానేస్తాయి. ఒకే పొర. దాని మీద రెండో పొర వేయవు. క్యాన్సర్ కణాలకు ఈ మర్యాద లేదు. జాగా అయిపోయినా ఆగవు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్ప పడతాయి. తారులోంచి తీసిన ఒక రసాయనం తగిలిస్తే మామూలు కణాలు ఆ కుప్పల దారి పడతాయని చూపించడమే అక్క థీసిస్. రసాయనం తగలని సీసాలో పలచని పొర, తగిలిన సీసాలో అక్కడక్కడా కుప్పలు. మొదటి ఏడాదిలో ఆమె తీసిన ఫొటోలు అలాగే ఉన్నాయి. చూస్తే ఎవరైనా ఒప్పుకునేవాళ్లు.

ఇక పసుపు సంగతి. ఆ ఎర్రటి ద్రవంలో ఒక రంగు కలిపి ఉంటుంది. కణాలు తిని పెరుగుతూ పులుపు వదిలేకొద్దీ ద్రవం నారింజకు, తర్వాత పసుపుకు తిరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడతాయి, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతాయి. అదే తంతు, ఇంగ్లీషు పేరుతో. ఆ మాట అంటే సార్ మురిసిపోయి, "పసుపు ఊరి పిల్లలు ఇద్దరు దొరికారు, ఇక నాకు కొరతేముంది!" అన్నారు.

అప్పటికే గదిలో ఒక అలవాటు ఉంది. కణాలు నిండిన సీసాను విడదీసి కొత్త సీసాల్లోకి పంచాలి కదా, ఏ సీసాను పంచాలో రంగు చూసి తేల్చేవాళ్లు. పొద్దున పెట్టె తలుపు తీయగానే ఏది బాగా పసుపు తిరిగిందో అది మంచి సీసా. దాని కణాలే తర్వాతి తరానికి. ఏది ఎర్రగానే కూర్చుందో దానికి సార్ పెట్టిన పేరు మొద్దు సీసా. మొద్దు సీసాలను పారేసే అల్మారాలో పెడితే, వారానికోసారి అటెండరు వాటిని ఉడకబెట్టి కడిగేవాడు. పోషక ద్రవం తయారీ ఆషామాషీ కాదు. అందులో కలిపే దూడ నెత్తురు తేట కోసం తెల్లవారకముందే పశువుల్ని కోసే కమేళాకు మనిషిని పంపాలి. అందుకని సీసా పూర్తిగా నిండేదాకా, ఇంకా చెప్పాలంటే నిండాక కూడా నాలుగు రోజులు ఆగి, పూర్తిగా పసుపు తిరిగాకే పంచేవాళ్లు. ఇది మాకు పొదుపుగా, పద్ధతిగా కనిపించేది. అక్కకైతే మరీను. పచ్చగా తిరిగిన సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "సూడే, కొమ్ము ఇర్సినట్టు లేదా రంగు!" అని మురిసేది.

నేను కొత్తదాన్ని కాబట్టి మంచి సీసాలు నా చేతికి ఇచ్చేవారు కాదు. చేయి తిరగడానికి మొద్దు సీసాలు ఇచ్చారు. చెడగొట్టినా ఎవరికీ నష్టం లేదు. నాకు ఓపిక తక్కువ. అది ఇప్పటికీ తక్కువే. సీసా నిండేదాకా ఎవరు కూర్చుంటారని, కణాల మధ్య ఇంకా ఖాళీలు కనిపిస్తుండగానే విడదీసి పంచేసేదాన్ని. సార్ చూసి, "పాకం రాకముందే పొయ్యి మీంచి దింపేస్తావేమమ్మా?" అని వెక్కిరించేవారు. నా సీసాలు ఎప్పుడూ పసుపుకు తిరగలేదు. చేయి కుదిరిందనిపించాక నన్ను అక్క పనిలోకి తీసుకున్నారు. తీరిక దొరికినప్పుడల్లా నా మొద్దు సీసాలనూ పంచుతూనే ఉన్నాను.

ఆ ఎండాకాలం అక్క ఫెలోషిప్ గడువు ముగియబోతోంది. థీసిస్ రాయడం దాదాపు అయిపోయింది. ఒక్కసారి చివరి ప్రయోగం మళ్లీ చేసి, కొత్త ఫొటోలు జతచేస్తే చాలు. గడువు లోపల అయితే పట్టా. కాకపోతే ఊరికి తిరిగొచ్చి బడిలో టీచరు కొలువు వెతుక్కోవాలి. ఆమె నాన్న బీడీ ఆకు వ్యాపారం చేసేవాడు. "ఎలుకల పని ఎన్నేండ్లు జేస్తవ్ బిడ్డా?" అని ప్రతి సెలవుకూ అడిగేవాడట. ఎందుకంటే ఆయనకు అంతకు మించి అడగడానికి ఏమీ తెలియదు. పట్టా చూపించడం తప్ప ఆమె దగ్గర కూడా వేరే జవాబు లేదు.

చివరి ప్రయోగంలో, రసాయనం తగిలించిన సీసాల్లో కుప్పలు వచ్చాయి. తగిలించని సీసాల్లోనూ వచ్చాయి.

సూక్ష్మదర్శిని కింద అక్క సీసాను అటూ ఇటూ జరిపి మళ్లీ మళ్లీ చూసింది. తర్వాత నన్ను పిలిచి, చూడమని పక్కకు జరిగింది. పొర ఉండాల్సిన చోట కణాలు అడ్డదిడ్డంగా ఒకదానిపై ఒకటి పడి ఉన్నాయి.

"తప్పు సీసా పెట్టిన్నా ఏంది? పేరు జర సూడు చెల్లె," అంది.

సీసా తప్పు కాదు. మళ్లీ చేశాం, మళ్లీ అదే. ఏ రసాయనమూ తగలని కణాలే కుప్ప పడుతుంటే, రసాయనం వల్ల కుప్ప పడ్డాయని ఎలా రాస్తుంది? సార్ మొదట చిరాకుపడ్డారు, తర్వాత మెత్తబడి, "పాత ఫొటోలు ఉన్నాయి కదా, వాటితోనే ఇచ్చేద్దాం. ఈ సీసాల్లో ఏదో కలుషితం అయ్యుంటుంది," అన్నారు. ఆయన మోసం చేద్దామని అనలేదు, ఆ పిల్ల గట్టెక్కాలనే అన్నారు. కానీ అక్క తల అడ్డంగా ఊపింది. ఎందుకైందో తెలియకుండా సంతకం పెట్టనంది. నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, గౌరవమూ కలిగింది. రెండిట్లో ఏది ముందో గుర్తులేదు.

ఆ వారమే నా చివరి మొద్దు సీసా నిండి, ఎర్రగా అలాగే ఉండిపోతే దాన్ని పారేసే అల్మారాలో పెట్టేశాను. రెండు రోజులు ఊరికెళ్లి వద్దామని అక్కను నేనే బలవంతపెట్టి బస్సెక్కించాను. పోచంపాడు ఆనకట్ట పని నడుస్తున్న రోజులు. దారంతా లారీల దుమ్ము. ఆమె పెర్కిట్‌లో దిగనంది. ఇంట్లోవాళ్లు ముఖం చూసి అడుగుతారని భయం. నాతోపాటు మా ఇంటికి వచ్చింది.

గుమ్మం దగ్గర అమ్మ ఆపేసింది. పట్నం నుంచి వచ్చిన ఆడపిల్లలకు దిష్టి తీయకుండా లోపలికి రానిస్తుందా? పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు వేసి, చిటికెడు సున్నం కలిపింది. పచ్చని నీళ్లు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. మా ఇద్దరి ముందు మూడుసార్లు తిప్పి, వాకిలి దాటి వెళ్లి దారిలో పారబోసింది.

అక్క తిరిగి నిలబడి ఆ తడినే చూస్తోంది.

"కాళ్లు కడుక్కో రాదే, గట్ల నిలవడ్డవేంది?" అంది అమ్మ.

"చిన్నమ్మా, ఎర్రనీళ్లు పారవోస్తిరి," అంది అక్క.

"మరి దాసుకుంటరా దిష్టినీళ్లు?"

అక్క నా చేయి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. "మనం గూడ గదే జేసినం. ఎర్రగున్నయి అన్నీ పారవోసినం."

నాకు వెంటనే అర్థం కాలేదు. మంచం మీద కూర్చోబెట్టి, అమ్మ ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా చెప్పుకొచ్చింది. ఎర్రగా ఉండే సీసా అంటే ఏమిటి? నిండగానే ఆగిన కణాలున్న సీసా. ఆగినవి తక్కువ తింటాయి, తక్కువ పులుపు వదులుతాయి, రంగు మారడానికి చాలా రోజులు పడుతుంది. తొందరగా పసుపు తిరిగేది ఏది? ఆగడం మానేసి, నిండాక కూడా పెరుగుతున్న కణాలున్న సీసా. వేల కణాల్లో ఎప్పుడో ఒకటి దానంతటదే మర్యాద తప్పుతుంది. ఖాళీ ఉన్నంతసేపు దానికీ మిగతావాటికీ పెద్ద తేడా లేదు. సీసా నిండాక నాలుగు రోజులు వదిలేస్తే మిగతావి ఆగి కూర్చుంటాయి, అది ఒక్కటే పిల్లల్ని పెడుతూ పోతుంది. పైగా ప్రతిసారీ పసుపు సీసానే ఏరి పంచుతుంటే, ఏరుతున్నది ఎవరిని? ఆగని వాటిని. రసాయనం అక్కర్లేదు. మా కన్నూ, మా పొదుపూ చాలు.

"మొద్దువి అయి కాదే చెల్లె, మనం," అంది.

చెప్పొద్దూ, నాకు కొంచెం కోపం వచ్చింది. ఆర్మూరు పిల్లలు పసుపును నమ్మి మోసపోవడమా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది నా చివరి సీసా.

మొద్దు సీసాల సంతతి అది. ఎప్పుడూ నిండనివ్వకుండా నేను తొందరపడి పంచిన కణాలు, అంటే మర్యాద తప్పిన కణానికి పైచేయి దొరకని వంశం. కణాలను గడ్డకట్టించి ఏళ్ల తరబడి దాచే ఏర్పాటు మా గదిలో అప్పటికి లేదు. అక్క మొదటి ఏడాది కణాలకు చుట్టాలు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ ఒక్క సీసాలోనే. అది పారేసే అల్మారాలో ఉంది. ఆ వారం ఉడకబెట్టే రోజు మర్నాడే.

మజ్జిగ గ్లాసులు అలాగే వదిలి బస్సు స్టాండుకు నడిచాం. అమ్మ వెనక నుంచి తిడుతూనే ఉంది. నాన్న మాత్రం విషయం కొంచెం విని, "అండ్ల జర పసుపేసి సూడకపోయిన్రా?" అన్నాడు.

మర్నాడు పరిశోధనశాల తలుపు తీసిన మొదటివాళ్లం మేమే. అటెండరు ఇంకా రాలేదు. సీసా అల్మారాలో ఎర్రగా, నా చేతిరాతతో, నేను పెట్టిన చోటే ఉంది. వెచ్చని పెట్టె బయట అన్ని రోజులున్నా హైదరాబాదు ఎండ దానికి పెట్టె పని చేసిపెట్టింది. ఆ గదిని ఎన్నిసార్లు తిట్టుకున్నామో, ఆ ఒక్కసారి దండం పెట్టాలనిపించింది.

సూక్ష్మదర్శిని కింద కణాలు చదునుగా, ఒకే పొరగా ఉన్నాయి. విభజన చెందబోయే కణం ఉండ చుట్టుకుని మెరుస్తుంది. అలాంటిది ఒక్కటీ కనపడలేదు. సార్ వచ్చి చూసి, "ఇవి చచ్చాయమ్మా. ద్రవంలో తిండి అయిపోయింది, అందుకే ఆగాయి. మీరు చెప్పేది కథలా బాగుంది," అన్నారు. ఆయన అనుమానం తీసిపారేయదగ్గది కాదు. ఆగినవా, చచ్చినవా? తిండి లేక ఆగాయా, జాగా లేక ఆగాయా?

సార్ ద్రవం మార్చమంటే అక్క ఒప్పుకోలేదు. కొత్త ద్రవం పోస్తే దానిలోని నెత్తురు తేటకే నిండు పొరలో కూడా కొన్ని కణాలు కదులుతాయి, అప్పుడు ఏది కారణమో తేలదంది. ఉన్న ద్రవంలోనే, ఉడకబెట్టిన గాజు కడ్డీ చివర రబ్బరు తొడిగి, సీసా మెడలోంచి దూర్చి, పొర మధ్యలో ఒక గీత గీసింది. గీత మేర కణాలు లేచిపోయి ఖాళీ బాట పడింది. ఒక పసుపు సీసాలోనూ అలాగే గీసింది. రెండూ పెట్టెలో పెట్టి తలుపు వేసింది.

సాయంత్రానికి గీత అంచున ఉన్న కణాలు ఖాళీ వైపు చాచుకున్నాయి. చచ్చినవి చాచుకోవు. మర్నాడు చూస్తే బాటలోకి నడిచి వచ్చిన కణాలున్నాయి. ఆ పై రోజు అంచుల వెంబడి మెరిసే ఉండలు కనపడ్డాయి. విభజన చెందుతున్నాయి. గీతకు దూరంగా, నాలుగు వైపులా పొరుగు ఉన్న కణాలు మాత్రం కదల్లేదు. అదే సీసా, అదే ద్రవం, అదే తిండి. పక్కన జాగా దొరికినవి లేచాయి, దొరకనివి ఊరుకున్నాయి. అవి చావలేదు, తమ వారసత్వ పదార్థాన్ని రెట్టింపు చేసుకునే పనికి ముందే ఆగి విశ్రాంతిలో ఉన్నాయి. సార్ చాలాసేపు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత ఆయన నోట మొద్దు అనే మాట నేను వినలేదు.

అంతకంటే నన్ను కట్టిపడేసింది తర్వాత జరిగింది. ఎర్ర సీసాలో గీత పూడింది. పూడగానే ఉండలు మాయమయ్యాయి. రెండు వైపుల నుంచి వచ్చిన కణాలు ఒకదాన్నొకటి తాకి, ఆగిపోయాయి. పసుపు సీసాలోనూ గీత పూడింది. కానీ అక్కడ పని ఆగలేదు. వచ్చినవి వచ్చిన వాటి మీదికి ఎక్కి, బాట ఉండిన చోట గట్టు కట్టాయి. అక్క ఎర్ర సీసా ముందు నుంచి లేవలేదు. "ఎవలు జెప్పిన్రే గీ కణాలకు, సాలు అని?" అంది. ఆ ప్రశ్నకు ఆ రోజుల్లో ఎవరి దగ్గరా పూర్తి జవాబు లేదు. తాకడమే కారణం అని కొందరు, నెత్తురు తేటలోని ఏదో పదార్థం అందరికీ పంచేసరికి చాలకపోవడం అని కొందరు వాదించుకునేవారు. అసలు తాకగానే ఆగడం అనే మాటను మొదట కణాల నడక గురించి వాడారు, విభజన గురించి కాదు. రెంటినీ కలిపేసి మేమూ కొన్నాళ్లు గందరగోళపడ్డాం. నాకు అప్పుడు తెలిసిందల్లా ఆగడం కూడా కణం చేసే పనేనని.

ఆ మధ్యాహ్నం అక్క పెట్టెలోని పసుపు సీసాలన్నీ, తన ఏళ్ల పనంతా, తనే తీసి అటెండరు ఉడకబెట్టే పాత్రలో సర్దింది. నేను సాయం చేయబోతే వద్దంది. మూత బిగించాక గోడకు ఆనుకుని కొద్దిసేపు ఏడ్చింది. నేను పక్కనే నిలబడ్డాను. నాకు ఓదార్చడం చేతకాదు.

గడువు దాటిపోయింది. ఫెలోషిప్ ఆగింది. సార్ పైవాళ్లతో మాట్లాడి గదిలో పని చేసుకోనిచ్చారు కానీ జీతం ఇప్పించలేకపోయారు. అక్క పొద్దున ఒక బడిలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం వచ్చి నా మొద్దు సీసా సంతతితో మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి సీసాలు నిండకముందే, ఖాళీలు కనిపిస్తుండగానే పంచేది. నా తొందరపాటు మా గదికి పద్ధతి అయి కూర్చుంది. రసాయనం తగలని సీసాలు నిండి, ఆగి, ఎర్రగా ఉండిపోయాయి. తగిలిన వాటిలో కుప్పలు వచ్చాయి. మునుపటి కంటే చాలా తక్కువ, కానీ నిజమైనవి. థీసిస్ సన్నబడింది. పట్టా ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

పట్టా తీసుకుని ఊరికి వెళ్తూ ముందు మా ఇంటికే వచ్చింది. వాళ్ల నాన్న కూడా పెర్కిట్ నుంచి వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అమ్మ యథాప్రకారం పళ్లెం తెచ్చింది. సున్నం పడగానే నీళ్లు ఎర్రబడ్డాయి. మూడుసార్లు తిప్పి, పారబోయడానికి వాకిలి వైపు అడుగు వేసింది.

అక్క చప్పున అమ్మ మణికట్టు పట్టుకుంది.

"జర ఆగు చిన్నమ్మా," అంది.

అమ్మ ఆగింది. పళ్లెంలో ఎర్రనీళ్లు ఊగి ఊగి నిలిచాయి. వాళ్ల నాన్న మా వైపు చూసి, "గిదేనా బిడ్డా, నువ్వు ఇన్నేండ్లు నేర్సింది?" అన్నాడు.

"గిదే నాయినా," అంది అక్క.